కండక్టివిటీ మీటర్‌కి సెల్ కాన్‌స్టంట్ తీసేటప్పుడు ఏటీసీ, అంటే రీడింగ్‌ని 25 డిగ్రీలకి సరిచేసే సెట్టింగ్, ఆన్‌లో ఉండాలా, ఆఫ్‌లోనా?

శ్రీకాంత్_ల్యాబ్: మా ల్యాబ్‌లో 0.01 ఎం కేసీఎల్ 30 డిగ్రీల దగ్గరుంది. సీనియర్ ఏటీసీ ఆఫ్ చేయమంటాడు, మీటర్ సర్వీస్ ఆయన ఆన్‌లో ఉంచమంటాడు. ఎవరి మాట వినాలి?

రాజు_వాటర్‌ప్లాంట్: ఆన్‌లో పెట్టి 1413 కొట్టేయ్ బ్రో, టెంపరేచర్ సంగతి మీటరే చూసుకుంటది, బాటిల్ మీద ఉండేది కూడా అదే నంబరు కదా.

పద్మజ_కెమిస్ట్రీ: రాజు గారు చెప్పింది సగమే కరెక్ట్. ఆన్ అయినా ఆఫ్ అయినా పనవుతుంది, రెండూ కలిపేస్తేనే కొంప మునుగుతుంది. శ్రీకాంత్, మీ సెల్ అసలు కాన్‌స్టంట్ 1.05 అనుకోండి. 0.01 ఎం కేసీఎల్ 30 డిగ్రీల దగ్గర 1552 µS/cm ఉంటుంది కాబట్టి ఏటీసీ ఆఫ్‌లో, కాన్‌స్టంట్ 1 అని పెట్టి చూస్తే మీటర్ 1478 దాకా చూపిస్తుంది, 1552ని దాంతో భాగిస్తే 1.05 వచ్చేస్తుంది. అదే ఏటీసీ డిగ్రీకి 2 శాతంతో ఆన్‌లో ఉంటే 1478 కాస్తా 1344 అవుతుంది, అప్పుడు 25 డిగ్రీల విలువ 1413 తీసుకోవాలి, 1.051 వస్తుంది, తేడా లేనట్టే. కానీ ఏటీసీ ఆన్‌లో ఉంచి టేబుల్లోంచి 1552 తీసుకున్నారంటే 1.155! పది శాతం తప్పు, పైగా ఆ తర్వాత కొలిచే ప్రతి శాంపిల్‌లోనూ అదే పది శాతం ఎక్కువ చూపిస్తుంది, రీడింగ్ మాత్రం కదలకుండా నిలబడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పట్టుకోవాలంటే 0.1 ఎం తో చెక్ చేసి లాభం లేదు, అదే పొరపాటు మళ్ళీ చేస్తారు. సొల్యూషన్‌ని వాటర్ బాత్‌లో 25కి తెచ్చి చూడండి, అక్కడ ఏటీసీ ఉన్నా లేకపోయినా 1413 రావాలి.

ఫార్మా_క్యూసీ_సంగారెడ్డి: మా దగ్గర ప్యూరిఫైడ్ వాటర్‌కి ఏటీసీ ఆన్ చేస్తే ఆడిటర్ ఊరుకోడు. అమెరికా ఫార్మకోపియా యూఎస్‌పీ 645లో మొదటి టెస్టు స్టేజ్ 1కి కాంపెన్సేషన్ లేకుండానే కొలవాలి, 25 డిగ్రీల దగ్గర లిమిట్ 1.3 µS/cm. కాబట్టి ఆఫ్ అనేదే రూల్.

పద్మజ_కెమిస్ట్రీ: అది శాంపిల్ కొలిచేటప్పటి రూల్ సార్, ఆయన అడిగింది కాన్‌స్టంట్ గురించి. నీళ్ళు ఎంత ప్యూర్ అయితే 2 శాతం అంత పనికిరాదు, డిగ్రీకి 5 శాతం దగ్గరగా మారుతుంది, అందుకే అక్కడ ఆ రూల్.

శ్రీకాంత్_ల్యాబ్: మేడమ్, మరి చలికాలంలో పొద్దున్నే 20 డిగ్రీలుంటే కూడా ఏటీసీ ఆన్‌లో అంతే కరెక్ట్‌గా వస్తుందా?

పద్మజ_కెమిస్ట్రీ: అంత కాదు. 20 దగ్గర కేసీఎల్ 1278, దాన్ని 2 శాతంతో సరిచేస్తే 1420 అవుతుంది, అంటే అర శాతం తేడా కాన్‌స్టంట్‌లోకి వెళ్ళిపోతుంది. బోరు నీళ్ళకైతే ఏం కాదు, కానీ నేనైతే ఆఫ్‌లోనే చేస్తా.

రాజు_వాటర్‌ప్లాంట్: ఆఫ్‌లో చేస్తే థర్మామీటర్ ఒక డిగ్రీ తప్పు చూపించినా రెండు శాతం పోయినట్టే కదా మేడమ్. ఆ టేబుల్ చూసి నంబర్ ఏరుకునేది మనిషే, మా ఆపరేటర్ సంగతి నాకు తెలుసు. నేను ఆన్‌లోనే ఉంచుతా.