సీజరు రాసింది "నాలుగో అక్షరమా", "నాలుగు అక్షరాల తరవాతదా"?

పద్మజ: అందరికీ నమస్కారం. ఎప్పుడో చదివిన వాక్యం ఒకటి వారం రోజులుగా బుర్ర తొలుస్తోంది. "సీజరు రహస్య లేఖల్లో ఒక్కో అక్షరానికి బదులు దానికి నాలుగో అక్షరం రాసేవాడు." అందులో "నాలుగో" అని ఉందో, "నాలుగు అక్షరాల తరవాతది" అని ఉందో గుర్తు రావట్లేదు. మా పిల్లలకు తెలుగులో కంప్యూటరు పాఠం రాస్తున్నాను, ఇలా అక్షరాలు జరిపే ప్రోగ్రాం అందులో ఉంది. నేను 4 కలిపితే A కి E వచ్చింది. అందరూ D అంటున్నారు. ఒక్క "ఓ" ఉండటం, లేకపోవడంతో ఇంత తేడా వస్తుందా?

సుబ్రహ్మణ్యం: "ఓ" ఉంది తల్లీ, ఉండాలి కూడా. మూలం రోమన్ చరిత్రకారుడు స్వెటోనియస్ రాసిన సీజరు జీవితం, 56వ ప్రకరణం. అక్కడ "క్వార్తమ్", అంటే నాలుగోది అనే ఉంది. A కి D అని ఆయనే విప్పి చెప్పాడు. రోమన్లు మొదలుపెట్టినదాన్ని కూడా లెక్కలో కలుపుకుంటారు. A ఒకటి, B రెండు, C మూడు, D నాలుగు. మనమూ బారసాల ఇరవై ఒకటో రోజు అంటే పుట్టిన రోజును కలుపుకునే లెక్కపెడతాం. కాబట్టి వాక్యంలో నాలుగో అక్షరం, ప్రోగ్రాంలో 3. రెండూ సరైనవే.

సుశీల: మేం చిన్నప్పుడు క భాష మాట్లాడుకునేవాళ్లం. ప్రతి అక్షరం ముందు క చేర్చడమే. "నువ్వు రా" అనాలంటే "కనుకవ్వు కరా". మా పెద్దమ్మకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. సీజరుదీ ఇలాంటిదేనా?

సుబ్రహ్మణ్యం: కాదు సుశీలగారూ. క భాషలో అసలు అక్షరాలు ఎక్కడివక్కడే ఉంటాయి, మధ్యలో క వచ్చి కూర్చుంటుంది, అంతే. సీజరుదాంట్లో అసలు అక్షరమే మిగలదు.

కిరణ్: అక్కా, ప్రోగ్రాం సంగతి నేను చెప్తా, చాలా సింపుల్. కోడ్ నంబరుకు 3 కలపడం, z దాటితే 26 తీసేయడం.

```python
n = ord(c) + 3
if n > ord('z'):
    n -= 26
```

పద్మజ: తమ్ముడూ, వేసి చూశాను. "Pax, lex, rex!" ఇస్తే `Sda/#oha/#uha$` వచ్చింది. అక్షరాలు బాగానే తిరిగాయి, x మళ్లీ a దగ్గరికి వచ్చింది. కానీ కామా గీతయింది, ఖాళీ # అయింది, ఆశ్చర్యార్థకం డాలరయింది. అన్నీ పెద్ద అక్షరాల్లో `PAX` ఇస్తే `SD[` వచ్చింది.

కిరణ్: ఓహ్, అక్షరమా కాదా అని చూసే isalpha పెట్టడం మర్చిపోయా. `if c.isalpha():` అని పైన ఒక లైను వేస్తే కామాలు కదలవు. పెద్ద అక్షరాలకు 65, చిన్నవాటికి 97 తీసేసి, 3 కలిపి, 26తో భాగించి శేషం తీసుకుని, తీసేసింది మళ్లీ కలపండి.

రహీమ్: కిరణ్ చెప్పిన శేషం పద్ధతి సరైనదే. ముందు A ని సున్నా చేసుకోవాలి, ఆ తరవాతే చుట్టు తిప్పాలి. "z దాటితే 26 తీసేయ్" అన్నది చిన్న అక్షరాలకు మాత్రమే పనిచేస్తుంది, అదీ ఒక్క చుట్టుకే. 3 బదులు 30 ఇస్తే z కి `~` వస్తుంది.

isalpha తో మాత్రం తెలుగువాళ్లం జాగ్రత్తగా ఉండాలి. పైథాన్ దృష్టిలో "క" కూడా అక్షరమే. పెద్దదా కాదా అని అడిగితే కాదంటుంది, అందుకని 97 దారిలో పోతుంది. చివరికి "క" కాస్తా `j` అవుతుంది. దీర్ఘం మాత్రం isalpha కు అక్షరం కాదు, అది కదలదు. పిల్లలు "కా" అని కొడితే j పక్కన దిక్కులేని దీర్ఘం వేలాడుతుంది. అందుకే నేను హద్దులు నేరుగా రాస్తాను.

```python
def jarupu(s, k):
    out = ''
    for c in s:
        if 'a' <= c <= 'z':
            out += chr((ord(c) - 97 + k) % 26 + 97)
        elif 'A' <= c <= 'Z':
            out += chr((ord(c) - 65 + k) % 26 + 65)
        else:
            out += c
    return out
```

పద్మజ: చాలా థాంక్స్ రహీమ్‌గారూ. "Veni, vidi, vici." ఇస్తే `Yhql, ylgl, ylfl.` వచ్చింది. కామాలు, చుక్క ఎక్కడివక్కడే ఉన్నాయి.

సుబ్రహ్మణ్యం: సీజరు చేతికి ఆ కాగితం ఇస్తే తప్పు దిద్దేవాడు. ఆయన అక్షరమాలలో J లేదు, U వేరుగా లేదు, W లేదు. గ్రీకు మాటల కోసం Y, Z అప్పుడప్పుడే వచ్చి చేరుతున్నాయి. పాత లెక్కలో చివరిది X, మొత్తం 21. అప్పుడు V ఇరవయ్యోది. మూడు జరిపితే X, A, B. అంటే V కి B. I తరవాత J లేదు కాబట్టి I కి K, L, M, అంటే M. ఈ లెక్కన VENI అన్నది BHQM అవుతుంది, VIDI కి BMGM, VICI కి BMFM. మీకు Y, L వచ్చిన చోట్ల ఆయనకు B, M రావాలి. చుట్టు ఎక్కడ తిరుగుతుందన్నది అక్షరమాల ఎంత పొడుగన్నదాన్ని బట్టే ఉంటుంది.

కిరణ్: అంటే 26 ని ప్రోగ్రాంలో పాతేయకుండా అక్షరమాలనే ఒక స్ట్రింగుగా ఇచ్చి, దాని పొడవుతో శేషం తీయాలన్నమాట.

సుబ్రహ్మణ్యం: సరిగ్గా అంతే. చుట్టు తిప్పడం ఆ రోజుల్లోనే అందరికీ తట్టిన విషయం కాదు. అగస్టస్ చక్రవర్తి కూడా ఇలాగే రాసేవాడని అదే స్వెటోనియస్ చెప్పాడు, అగస్టస్ జీవితంలో 88వ ప్రకరణం. ఆయన ఒక్క అడుగే జరిపేవాడు, A కి B, B కి C. చివరి X దగ్గరికి వచ్చేసరికి ఏం చేశాడంటే, AA అని రెండుసార్లు రాశాడు. వెనక్కి A దగ్గరికి పోలేదు.

కిరణ్: అది బగ్ కదండీ! చదివేవాడు ఆ AA చూసి తికమకపడడా?

సుబ్రహ్మణ్యం: పడడు. ఆయన పద్ధతిలో A మరే అక్షరానికీ బదులుగా రాదు. ఎక్కడ A కనబడినా అది X లో సగమే. ఒక్క A రాసినా సరిపోయేది. కానీ ఉత్తరం పొడవు మారుతుంది, ఒక అక్షరానికి ఒక అక్షరం అన్న నియమం పోతుంది.

శ్రీలత: మాస్టారూ, లాటిన్ నేనూ కాస్త చదువుకున్నాను, అందుకే అడుగుతున్నా. 56వ ప్రకరణంలో D అన్న వాక్యానికి కర్త ఎవరు? సీజరు కాదు. "ఎవరైనా దీన్ని విప్పి చదవాలనుకుంటే, నాలుగో అక్షరాన్ని, అంటే A కి బదులు D ని పెట్టుకోవాలి" అని ఉంది. పెట్టుకునేది చదివేవాడు! అక్షరం పట్టుకుని చూస్తే, ఉత్తరంలో A ఉంటే చదివేవాడు D అనుకోవాలి. అంటే సీజరు ముందుకు కాదు, వెనక్కి జరిపాడు. k అన్నది 3 కాదు, -3.

సుబ్రహ్మణ్యం: అంత పట్టుదల అక్కర్లేదనుకుంటాను. అక్కడున్న క్రియకు మార్చడం, తారుమారు చేయడం అనే అర్థం. మార్చుకోవాలన్నాడే గాని ఏది ఉత్తరంలో ఉంది, ఏది మనసులో ఉంది అన్నది తేల్చలేదు. అగస్టస్ దగ్గర మాత్రం రాసేవాడే కర్త, A కి B అని స్పష్టంగా ఉంది. సీజరుదీ అదే దిక్కు అనుకోవడం సహజం.

శ్రీలత: సహజమే, కానీ అది మన ఊహ. ఆయన రాసింది చదివేవాడి గురించి. మీ "ఓ" తేలింది గాని ఈ "బదులు" తేలలేదు.

రహీమ్: వెనక్కి అయినా మన ప్రోగ్రాం తట్టుకుంటుంది, పైథాన్‌లో `-3 % 26` కి 23 వస్తుంది. పద్మజగారూ, పిల్లలు రేపు జావాస్క్రిప్ట్‌లో రాస్తే మాత్రం అదే లెక్కకు -3 వస్తుంది, a కి ముందున్న ఏదో గుర్తు బయటపడుతుంది. అక్కడ శేషానికి 26 కలిపి మళ్లీ శేషం తీయాలి. రహస్యం చేయడం బాగానే ఉండి, విప్పేటప్పుడు a, b, c అక్షరాలే పాడయ్యాయంటే కారణం ఇదే.

పద్మజ: దిక్కు సంగతి పాఠంలో ఒక వాక్యం రాస్తాను. ఇప్పుడు నా అసలు ఆశ చెప్తున్నా. పిల్లలు తెలుగులోనే రాయాలి. "రామా, రా!" ఇవ్వాలి, కామా కదలకూడదు. isalpha పెట్టి కోడ్ నంబరుకు 3 కలిపితే `ళాఱా, ళా!` వచ్చింది. "దయ" ఇస్తే ద ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా వచ్చింది.

రహీమ్: యూనికోడ్‌లో న తరవాత ఒక గది ఖాళీ, ఎవరికీ ఇవ్వలేదు. ద తరవాత మూడో గది అదే. ఇంకో సంగతి, ఱ ని ర పక్కన, ళ ని ల పక్కన పెట్టారు. మన వర్ణమాల వరస అది కాదు. కిరణ్ అన్నట్టు అక్షరమాలనే ఇవ్వండి.

```python
V = 'కఖగఘఙచఛజఝఞటఠడఢణతథదధనపఫబభమయరలవశషసహళఱ'
def jarupu(s, k):
    return ''.join(V[(V.index(c) + k) % len(V)]
                   if c in V else c for c in s)
```

ఇందులో హల్లులే తిరుగుతాయి. గుణింతం గుర్తులు, పొల్లు, సున్న, కామా, అన్నీ V లో లేవు కాబట్టి కదలవు. `శాలా, శా!` వస్తుంది. -3 ఇస్తే రాముడు తిరిగొస్తాడు. అచ్చులు కూడా ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, దానివల్ల గుట్టు సగం బయటపడుతుంది. పాఠానికి ఫరవాలేదు.

వెంకటరమణ: ఇందులో క్ష ఏది? మా గురువుగారు హ, ళ, క్ష, ఱ అనే దిద్దించారు. 35 కాదు, 36.

రహీమ్: క్ష ఒక అక్షరంగా టైపు కాదండీ. క, పొల్లు, ష, మూడు ముక్కలు. ఇప్పుడు క కి ఘ, ష కి ళ వచ్చి `ఘ్ళ` అవుతుంది. వెనక్కి తిప్పితే మళ్లీ క్ష వస్తుంది, నష్టం లేదు.

వెంకటరమణ: నష్టం లేకపోవడం ఏమిటి? చుట్టే మారిపోతుంది కదా. మీ లెక్కలో హ కి క వస్తుంది, "హరి" అంటే "కశి". నా లెక్కలో హ తరవాత ళ, క్ష, ఱ. "హరి" అంటే "ఱశి".

కిరణ్: ఱ ఇప్పుడు ఎవరు రాస్తున్నారండీ? తీసేస్తే గొడవే ఉండదు.

వెంకటరమణ: బాబూ, తిక్కన చదివినవాళ్ల ముందు ఆ మాట అనకు. పాత కవులు ర కీ ఱ కీ ప్రాస కలపరు. శకటరేఫ వాళ్లకు వేరే ధ్వని. ఆయన పద్యంలో ప్రాసగా వచ్చిన ఱ లలో ఒక్కదాన్ని ర చేసినా ప్రాస చెడుతుంది. పాత పద్యం రహస్యం చేసి విప్పితే ఱ లన్నీ ఱ లుగానే తిరిగి రావాలి.

రహీమ్: V లో లేని అక్షరం ఎలాగూ మారకుండా ఉండిపోతుంది, ఱ లు పోవు. కాకపోతే చదివేవాడికి నేరుగా కనబడిపోతాయి.

సుశీల: అయితే పద్యంలో ఎక్కడ ఱ ఉందో చూసి, పద్యం ఏదో చెప్పేయొచ్చన్నమాట. మా క భాషలోనూ అంతే, "క" తో మొదలయ్యే మాట వస్తే రెండు క లు పడేవి, దొరికిపోయేవాళ్లం.

శ్రీలత: వెంకటరమణగారూ, క్ష ని వర్ణమాలలో చేర్చితే జ్ఞ ని ఎందుకు వదిలేస్తున్నారు? అదీ కొందరు చెప్తారు కదా.

వెంకటరమణ: మా గురువుగారు దిద్దించలేదు.

పద్మజ: నేను ప్రస్తుతానికి 35తో వెళ్తున్నాను. ఎక్కడ చుట్టు తిరగాలో పిల్లలే V మార్చి చూస్తారు. పాఠంలో మొదటి వాక్యం మాత్రం "నాలుగో అక్షరం" అనే రాశాను. శ్రీలతగారూ, ఆ లాటిన్ వాక్యంలో మార్చుకునేది చదివేవాడే అని మీరు గట్టిగా అంటున్నారా? రాత్రికి పాఠం పంపాలి, "రాసేవాడు" అన్న మాట ఉంచాలో తీసేయాలో తెలియట్లేదు.

శ్రీలత: కర్త చదివేవాడే, అందులో సందేహం లేదు. ఏ దిక్కుకు మార్చాడన్నది మాస్టారికీ నాకూ ఇంకా తేలలేదు.