"దొంగలు" అన్న రివ్యూకి ఈ జవాబు సరిపోతుందా?

మాది చిన్న టైలరింగ్ షాపు. ఒకావిడ "దొంగలు, మిగిలిన గుడ్డ కాజేశారు" అని ఆన్‌లైన్‌లో ఒక్క స్టార్ ఇచ్చారు. ఆ గుడ్డ కుట్టిన బట్టలతో పాటే కవర్లో పెట్టి ఇచ్చాం, రసీదు మీద ఆవిడ సంతకం కూడా ఉంది. రసీదు ఫొటో పెట్టేద్దామని మా తమ్ముడంటున్నాడు. కానీ దాని మీద ఆవిడ పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి, అవి బయటపెట్టడం నాకిష్టం లేదు. పైగా ఆ జవాబు చదివేది ఎక్కువగా కొత్తవాళ్లు, వాళ్లకి అది గొడవలాగే కనిపిస్తుంది. అందుకే ఇలా రాశాను:

"నమస్కారమండీ. మిగిలిన గుడ్డ అందలేదని రాశారు. మా రసీదులో ఇచ్చినట్టే ఉంది. ఒకసారి షాపుకి ఫోన్ చేయండి, ఇద్దరం కలిసి చూద్దాం."

రసీదు వాక్యం ఉంచమంటారా? తీసేస్తే ఆరోపణ ఒప్పుకున్నట్టవుతుంది, ఉంచితే ఆవిడ అబద్ధమాడారన్నట్టుంటుంది. ఎలా మార్చాలో చెప్పండి.