స్కోర్‌కార్డ్ స్క్రీన్‌షాట్ నుంచి ఎకానమీ: ఓవర్ల చుక్క పోతే ఏ వరుసలో తప్పుందో పట్టేదెలా?

టీ20 స్కోర్‌కార్డ్ స్క్రీన్‌షాట్‌లోని అక్షరాలను గూగుల్ షీట్స్‌లోకి తెస్తున్నాను. అందులో ఎకానమీ కాలమ్ లేదు, లెక్కకట్టాలి. స్ట్రైక్ రేట్‌తో ఇబ్బంది లేదు: పరుగులను 100తో గుణించి బంతులతో భాగించడమే. బంతి ఆడకుండానే రనౌటైన వాడికి మాత్రం గీత పెడితే సరి.

చిక్కంతా ఓవర్లతోనే. 3.4 అంటే 22 బంతులు. 31 పరుగులిస్తే ఎకానమీ 8.45, నేరుగా 3.4తో భాగిస్తే 9.12 వస్తుంది. అందుకే B ఓవర్లు, C పరుగులుగా ఇది వాడుతున్నాను:

```
=ROUND(C2*6/(INT(B2)*6+ROUND(MOD(B2,1)*10,0)),2)
```

లోపలి ROUND తీసేయకండి, MOD ఒక్కోసారి 0.3999 లాంటిది ఇస్తుంది.

అక్షరాలు చదివేటప్పుడు చుక్క ఎగిరిపోతోంది. 3.4 కాస్తా 34 అయితే 4 దాటిందని పట్టేయవచ్చు. కానీ 0.4 అనేది 04గా వచ్చి, షీట్‌లో నిక్షేపంగా 4 ఓవర్లై కూర్చుంటుంది! 9 పరుగులకు 13.50 రావాల్సింది 2.25 చూపిస్తుంది. మొత్తం బంతులు కూడితే 20 ఎక్కువని తెలుస్తుంది గానీ, నలుగురైదుగురు 4 ఓవర్లు వేసినప్పుడు తప్పు ఎవరిదో తెలియదు. కాలమ్‌ను ముందే ప్లెయిన్ టెక్స్ట్‌గా పెట్టి ఆ ముందు సున్నాను నిలుపుకోవడం కాక, ఇంకేదైనా నమ్మకమైన దారి ఉందా?