హళ్లికి హళ్లి: ముత్తాతగారి చిట్టాలో అణాల గీతలు

సుజాత, పర్లాకిమిడి:
అందరికీ నమస్కారం. మా ఇంటి అటక మీద ముత్తాతగారి చిట్టా పుస్తకం దొరికింది. ఆయనకి ఊళ్లో చిన్న ధాన్యం కొట్టు ఉండేదట. పేజీ తలమీద క్రోధన నామ సంవత్సరం, మార్గశిర మాసం అని ఉంది. అక్షరాలు కాస్త కష్టపడి చదువుతున్నాను, తెలుగు అంకెలూ వచ్చు. అంకెల తర్వాత వచ్చే గీతల దగ్గరే ఆగిపోయాను. ఒక పేజీలో ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను.

వడ్లు: ౿ ౧౨౹౽, రు ౧౨౹౽
ఉప్పు: రు ౭౸౾
చింతపండు: రు ౫౺౼౻
మొత్తం: రు ౨౫౸౽౻

నిలువు గీత అంటే పావు అని నాన్నగారు చెప్పారు. అడ్డగీతలు మనం ఖాళీ గడిలో పెట్టే డాష్ లాంటివే అనుకుని, వాటినీ వాటి తర్వాత వచ్చే గీతల్నీ వదిలేశాను. అలా చూస్తే పన్నెండుంపావు, ఏడు, అయిదున్నర. కలిపితే ఇరవై నాలుగు ముప్పావు. ఆయన మాత్రం 25 వేశారు. లెక్క తప్పిందా? ఇంకో అనుమానం కూడా ఉంది. మొదటి పద్దులో వడ్ల కొలత, వాటి ఖరీదు ఒక్కలాగే ఉన్నాయి. పొరపాటున రెండుసార్లు రాసేశారా?

కిరణ్, బరంపురం:
నా ఫోన్లో ఆ గుర్తులు సగం డబ్బాల్లా కనిపిస్తున్నాయి. అయినా నాకు తెలిసినంతలో అడ్డగీతని వీసం అంటారు. వీసం అంటే వీశె, ఇప్పటి లెక్కలో కిలో నాలుగు వందల గ్రాములు. చింతపండు వీశెల్లోనే తూచేవారు కదా. కాబట్టి అక్కడున్నది డబ్బు కాదు, బరువు. అందుకే మీ మొత్తం కలవడం లేదు.

వెంకటరావు, పలాస:
కిరణ్ బాబూ, సగం పట్టుకున్నావు. అడ్డగీత వీసమే. కానీ వీసం వేరు, వీశె వేరు. వీశె బరువు, నూట ఇరవై తులాలు. వీసం బరువూ కాదు, డబ్బూ కాదు. దేన్నయినా పదహారు భాగాలు చేస్తే అందులో ఒక భాగం. రూపాయిలో వీసం అణా.

సుజాతమ్మా, ముత్తాతగారి లెక్క తప్పలేదు. రూపాయికి పదహారు అణాలు, నాలుగేసి అణాలు ఒక పావలా. ఈ రాత మొత్తం నాలుగు మీదే నడుస్తుంది. అంకె తర్వాత మొదటి చోటు పావులది, అక్కడ నిలువు గీతలు వేస్తారు: ౹ పావలా, ౺ అర్ధరూపాయి, ౻ ముప్పావలా. రెండో చోటు వీసాలది, అక్కడ అడ్డగీతలు: ౼ అణా, ౽ బేడ, ౾ మూడణాలు. మూడో చోట మళ్లీ నిలువు గీతలే, కానీ అక్కడవి కానులు. కాని అంటే అణాలో పావు, మూడు పైలు. నిలువు, అడ్డం, నిలువు అని మార్చి మార్చి రాస్తారు కనుక ఏ చోట్లో ఉన్నామో కంటికి తెలిసిపోతుంది. మీరు డాష్ అనుకుని వదిలేసిన గీతల్లోనే అణాలన్నీ ఉన్నాయి.

అంటే వడ్లు పన్నెండు రూపాయల ఆరణాలు. ఉప్పు ఏడు రూపాయల మూడణాలు. చింతపండు దగ్గర రెండు నిలువు గీతలు ఎనిమిదణాలు, ఒక అడ్డగీత అణా, చివరి మూడు గీతలు మూడు కానులు. వెరసి అయిదు రూపాయల తొమ్మిదణాల తొమ్మిది పైలు. అదే ౻ అంకె పక్కనే ఉంటే పన్నెండు అణాలయ్యేది. మూడో చోట ఉంది కాబట్టి తొమ్మిది పైలే.

ఇప్పుడు ముత్తాతగారు కలిపినట్టే కలపండి. ఆయన అణాల్లోకి మార్చి ఉండరు, గీతలే లెక్కపెట్టి ఉంటారు. కానులు మూడే, అలాగే దించాలి. అడ్డగీతలు రెండు, మూడు, ఒకటి: ఆరు. ఆరులో నాలుగు పోతే రెండు మిగిలాయి. పోయిన నాలుగూ ఒక నిలువు గీత అయ్యాయి. నిలువు గీతలు వడ్లకి ఒకటి, చింతపండుకి రెండు, చేతిలో ఉన్నది ఒకటి: సరిగ్గా నాలుగు. నాలుగు నిలువు గీతలు ఒక రూపాయి కాబట్టి ఆ చోటు ఖాళీ అయింది. పన్నెండు, ఏడు, అయిదు, చేతిలో ఒకటి: ఇరవై అయిదు. ఇరవై అయిదు రూపాయల రెండణాల తొమ్మిది పైలు. పైసా తేడా లేదు.

సుజాత, పర్లాకిమిడి:
మాస్టారూ, ఇప్పుడే కాగితం మీద వేసి చూశాను, కలిసిపోయింది! మొత్తంలో ఇరవై అయిదు తర్వాత, ఉప్పు దగ్గర ఏడు తర్వాత ఒక గుర్తుంది (౸). అది ఖాళీ చోటుకేనా? అలాగైతే మామూలు సున్న ఎందుకు పెట్టలేదు?

వెంకటరావు, పలాస:
ఖాళీ చోటుకే. దాన్ని హళ్లి అంటారు. మామూలు సున్న పెడితే ఏడు పక్కన సున్న చేరి డెబ్బై అయిపోదూ? అందుకే పావుల చోటు ఖాళీగా ఉంటే హళ్లి. వీసాల చోటు ఖాళీగా ఉంటే సున్న పెట్టినా ఇబ్బంది లేదు, అప్పటికే గీతల్లోకి వచ్చేశాం. ‘సున్నకు సున్న, హళ్లికి హళ్లి’ అని మనం అనే మాటలో ఈ రెండూ ఉన్నాయి. కరణం ఇంట్లో పుట్టిన సామెతేమో అని నా అనుమానం.

మాధవ్, దెగ్లూరు:
హాలి గురించి మాట్లాడుతున్నారు కాబట్టి చెబుతున్నా. మాది నాందేడ్ జిల్లా, పాత నిజాం ఇలాకా. మా తాతగారి ఖాతాల్లో నిజాం రూపాయి హాలి సిక్కా, బ్రిటిష్ రూపాయి కల్దారు రెండూ ఉంటాయి. నూరు కల్దారు రూపాయలకి హాలిలో నూట పదహారు రూపాయల పదణాల ఎనిమిది పైలు ఇచ్చేవారు. అంటే ఆరుకి ఏడు. మీ చిట్టాలో ఏ రూపాయో ముందు తేల్చుకోకపోతే మొత్తాలన్నీ తేడా వస్తాయి.

వెంకటరావు, పలాస:
మాధవ్ గారూ, మేం అంటున్నది హళ్లి, సున్న. మీరు చెబుతున్నది హాలి, నాణెం. పర్లాకిమిడి 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది, అక్కడ నడిచింది కంపెనీ నాటి నుంచీ వస్తున్న రూపాయే. మీ పుస్తకాలకి మాత్రం మీరు చెప్పింది ప్రాణం. అక్కడ రూపాయి పక్కన ఏ గుర్తు ఉందో చూడకుండా కూడితే మునిగిపోతాం.

మాధవ్, దెగ్లూరు:
ఓహో, హళ్లియా! సరే సరే. మా మోడీ రాతలో, అంటే పాత మరాఠీ లిపిలో కూడా పావలాకి నిలువు గీతే పెట్టేవారు, అందుకని చూశాను.

లక్ష్మి, రాయగడ:
ఒడియా చిట్టాల్లో కూడా పావుకి నిలువు గీత, అణాకి వాలు గీత పెట్టేవారు. మా వైపు ఒకే గుమస్తా రెండు లిపుల్లోనూ రాసేవాడు. సుజాతా, మీ పుస్తకంలో గీతలు అడ్డంగా ఉన్నాయా, ఏటవాలుగా ఉన్నాయా? వాలుగా ఉంటే ఆ పద్దు చుట్టూ ఒడియా అంకెలు కూడా ఉన్నాయేమో చూడు.

సుజాత, పర్లాకిమిడి:
ఈ పేజీలో అడ్డంగానే ఉన్నాయి అక్కా. వెనక పేజీల్లో కొన్ని వాలుగా ఉన్నాయి, చేతిరాత కూడా మారింది. అవి వేరేగా పెడతాను. మాస్టారూ, వడ్ల సంగతి?

వెంకటరావు, పలాస:
అసలైన తమాషా అదే. ౿ తూము గుర్తు. తూముకి నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు, అంటే తూములో పదహారు మానికలు. కాబట్టి రూపాయికి వేసిన గీతలే తూముకీ సరిపోతాయి. నిలువు గీత కుంచం, అడ్డగీత మానిక. ౿ ౧౨౹౽ అంటే పన్నెండు తూముల ఒక కుంచం రెండు మానికలు.

ఇక ఖరీదు. పుట్టికి ఇరవై తూములు. పుట్టి ఇరవై రూపాయలైతే తూము రూపాయి, కుంచం పావలా, మానిక అణా. అప్పుడు గుణించే పనే లేదు, కొలతని చూసి డబ్బు గడిలో అలాగే దించెయ్యడమే. మీ ముత్తాతగారు రెండుసార్లు రాయలేదు, ఆ రోజు తూము రూపాయి ధరకి అమ్మారు. ముందు పేజీల్లో ఎక్కడో ‘పుట్టి ౧కి రు ౨౦’ అనో, ‘తూము రు ౧’ అనో ఉండాలి, వెతకండి. ధర మారిన రోజున రెండు గడులూ వేరుగా కనిపిస్తాయి.

కిరణ్, బరంపురం:
మాస్టారూ, పుట్టి అంటే ఇరవై మణుగులు కదా, మణుగు పాతిక పౌండ్లు, మొత్తం అయిదు వందల పౌండ్లు. ఆ లెక్కన పన్నెండు తూముల పైచిలుకు సుమారు మూడు వందల పౌండ్లు. నూట నలభై కిలోలు అని రాసుకోవచ్చా?

వెంకటరావు, పలాస:
వద్దు బాబూ. నువ్వు చెప్పిన పుట్టి తూకం పుట్టి. బెల్లం, చింతపండు, పత్తి అలా తూచేవారు. ఇక్కడిది కొలత పుట్టి. పేరొకటే, పద్ధతి వేరు. రెండింటికీ తేడా తెలియాలంటే పుట్టి తర్వాత ఏమొచ్చిందో చూడాలి. మణుగులు, వీశెలు వస్తే తూకం. తూములు, కుంచాలు వస్తే కొలత. భూమి దస్తావేజులో పుట్టి కనిపిస్తే అది విత్తనం లెక్కన భూమి.

కొలత పుట్టిని కిలోల్లోకి మార్చాలంటే ఆ కొట్లో వాడిన కుంచం కావాలి. ఒక ఊరి కుంచానికీ పక్క ఊరి కుంచానికీ పొంతన ఉండేది కాదు. పైగా గుట్టగా పోసి కొలిచారా, పైన చేత్తో చదును చేశారా అన్నది పుస్తకంలో ఉండదు. ‘పన్నెండు తూముల ఒక కుంచం రెండు మానికలు’ అనే ఉంచండి.

లక్ష్మి, రాయగడ:
క్రోధన అంటే ఏ సంవత్సరం మాస్టారూ? అరవై ఏళ్లకోసారి వస్తుందిగా.

వెంకటరావు, పలాస:
1865 అయినా కావాలి, 1925 అయినా కావాలి. ముత్తాతగారి చేతిరాతే అంటున్నారు కాబట్టి 1925 చివర అనుకుంటాను. పుస్తకంలో ఎక్కడైనా ఇంగ్లీషు తేదీ వేసిన రసీదు దొరికితే తేలిపోతుంది.

సుజాత, పర్లాకిమిడి:
రసీదులు వెతుకుతాను. ఇంకో పద్దు ఉంది, తర్వాతి పేజీలో మొదటిది. బెల్లం: రు ౩, తర్వాత పురుగు తిన్న చిల్లు, దాని తర్వాత ఒక్క నిలువు గీత. మూడు రూపాయల పావలానా?

కిరణ్, బరంపురం:
పావలాయే. ఒక్క నిలువు గీత అంటున్నారు కదా.

వెంకటరావు, పలాస:
అంత తొందర వద్దు. చిల్లు అంకెకి, గీతకి మధ్యలో పడింది. అక్కడ ఏమీ లేకపోతే మూడుంపావు. హళ్లి, సున్న ఉండి పోయాయంటే ఆ గీత మూడో చోట పడుతుంది, అప్పుడది కాని, మూడు పైలు. సున్న బదులు అడ్డగీత పోయి ఉన్నా ఆ గీత కానియే. చిల్లు ఎంత వెడల్పుందో, మిగతా పద్దుల్లో రెండు గుర్తులు ఎంత చోటు పట్టాయో స్కేలు పెట్టి చూడండి. అంతకన్నా ఖాయంగా తేలాలంటే ఆ పేజీ కింద మొత్తం చదవగలగాలి. మొత్తంలోంచి మిగతా పద్దులన్నీ తీసేస్తే బెల్లం బయటపడుతుంది.

సుజాత, పర్లాకిమిడి:
మొత్తం ఉన్న మూల చిరిగిపోయింది మాస్టారూ. ‘రు ౩౧౺’ వరకే ఉంది.

వెంకటరావు, పలాస:
అయితే దాని తర్వాతి పేజీ పైన చూడండి. అప్పటి నిల్వ అక్కడ ఎక్కించి ఉంటే పని జరుగుతుంది. లేకపోతే బెల్లం పద్దు పక్కన ప్రశ్న గుర్తు పెట్టి వదిలెయ్యండి.