అప్ప, అప్పగింతలు: ఈ జోకు గుంటూరోళ్ళకి అందుతుందా?

రాజాం కుర్రోడు: ఆదివారం మా అప్ప రిసెప్షను. మైకు నాకిస్తన్నారు, మూడు నిమిషాలు దాటితే లాక్కుంటాను అని మామయ్య ముందే చెప్పీసినాడు. మొదటి లైను ఇలా రాసుకున్నాను: "పొద్దున్న మా అప్పని మీకు అప్పగించీసినాం, ఇంక తిరిగి తీసుకోం." బావగారోళ్ళది గుంటూరు. అప్ప అంటే వాళ్ళకి తెలుస్తదా?

గుంటూరు మిర్చి: మేం అక్కే అంటామండి. అప్ప అంటే తండ్రి, సింహాద్రి అప్పన్న లాగా. అప్పగింతల్లో ఉన్నదీ ఆ అప్పే, తండ్రి ఇస్తాడు కాబట్టి. మార్చేయండి.

పలాస పంతులమ్మ: సగం కరెక్టు. తండ్రి అనే అర్థం ఉంది, కానీ మీరూ అప్పచెల్లెళ్ళు అంటారు కదా, అందులో అప్ప ఎవరు మరి? అప్పగింతలో మాత్రం అక్కా లేదు నాన్నా లేడు, అది అప్పగించడం నుంచి వచ్చిన మాట. లేనిచోట విరిచి చూపిస్తున్నాం కాబట్టే నవ్వొస్తది. కాకపోతే మొదటి లైన్లో పెట్టకు బాబూ, వాళ్ళ చెవికి అప్ప అలవాటవ్వాలి. చిన్నప్పటి సంగతొకటి చెప్తూ నాలుగైదుసార్లు అప్ప అను, చివర్న వెయ్యి. వేసీసి వివరించకు, మైకు ఇచ్చీ.

బొబ్బిలి బాబాయి: అప్పగింతల పాట కావాలంటే మా అమ్మ పాడతాది, రికార్డు చేసి పంపనా?

రాజాం కుర్రోడు: పాట కాదు బాబాయ్, స్పీచి 😀

బొబ్బిలి బాబాయి: ఓహో. అయితే జాగ్రత్తరా. మా చెల్లి పెళ్ళిలో నేను "మా గుంట బంగారం" అన్నాను, మనకి గుంటంటే పిల్లే కదా, కృష్ణా జిల్లా పెద్దాయన పక్కాయన్ని "చెరువు కూడా ఇస్తున్నారా" అని అడిగాడట.

రాజాం కుర్రోడు: 😂 ఇదైతే ఎలాగుంది: "నాకు ఏడేళ్ళప్పుడు అప్ప నన్ను జీడిమామిడి తోటలోకి తీసుకెళ్ళింది. చెట్టెక్కింది అప్ప, పళ్ళు కోసింది అప్ప, రసం కారింది మాత్రం నా తెల్ల యూనిఫాం మీద. ఇంటికొచ్చీసరికి అప్ప నాకన్నా ముందు గుమ్మంలోకి దూరి, అమ్మా తమ్ముడు దొంగతనం చేసినాడు అని చెప్పీసింది. దెబ్బల వాపు సాయంత్రానికి తగ్గిపోయింది గానీ ఆ మరక ఎన్ని ఉతుకులకీ పోలేదు, చొక్కా మసిగుడ్డయిపోయింది. బావగారూ, మీరు కూడా తెల్ల చొక్కాయే వేసుకొచ్చారు."

పలాస పంతులమ్మ: అక్కడ ఆగు, నవ్వనీ. ఇంకోటి, "తిరిగి తీసుకోం" తీసీ. అత్తారి ముందు పెళ్ళికూతురికి ఆ మాట గుచ్చుకుంటాది, మీ అమ్మకి ఇంకా. తిప్పి చెప్పు: "పొద్దున్న మా అప్పని అప్పగించాం అనుకుంటున్నారేమో, అప్పిచ్చామంతే. సంక్రాంతికి వడ్డీతో సహా రావాలి. వడ్డీ అంటే మీరే బావగారూ."

గుంటూరు మిర్చి: ఇది మాకు అందుద్దండి 👌 మరి అప్పూ అప్పగింతా ఒకే ధాతువేనా?

పలాస పంతులమ్మ: నాకు అనుమానమే. జోకుకి అది అడ్డం కాదు.

రాజాం కుర్రోడు: ఫోన్లో టైం పెట్టి చదివాను, రెండు నిమిషాల పది. అమ్మ వినీసి, వడ్డీ బాగుంది గానీ అప్ప చెట్టెక్కిన సంగతి నాకిప్పటిదాకా తెలీదేటి అంటంది.