ముగ్గురి సున్నాలు కలిపితే ఎస్ గ్రేడ్ దగ్గరవుతుందా, దూరమవుతుందా?

మెక్_సెకండియర్:
మా కాలేజీలో రిలేటివ్ గ్రేడింగ్. క్లాసు సగటే మీన్, మార్కులు దానికి అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది స్టాండర్డ్ డీవియేషన్, అదే ఎస్‌డీ. మీన్ మీద 1.5 ఎస్‌డీ దాటితే ఎస్, 0.5 దాటితే ఏ, మీన్‌కి అటూ ఇటూ 0.5 లోపల బీ, దాని కింద సీ. థర్మోలో నాకు ఇంటర్నల్స్ 60కి 47. సెమ్ పేపర్ 100కి రాస్తే 40కి తగ్గించి కలుపుతారు. పోయినేడు ఇదే సార్, ఇలాంటి పేపరే. అప్పుడు టోటల్ మీన్ 65, ఎస్‌డీ 12 వచ్చాయట. ఎస్‌కి పేపర్లో ఎంత రావాలి? ఇంకోటి, మా సెక్షన్ 60 మందిలో ముగ్గురు అటెండెన్స్ చాలక పరీక్ష రాయకుండా డిటైన్ అయ్యారు, వాళ్ల టోటల్ సున్నాగా షీట్‌లో ఉంటుందంటున్నారు. మీన్ పడిపోతుంది కాబట్టి మనకి లాభమే అని రూమ్మేట్ అంటున్నాడు. నిజమేనా?

బ్యాక్‌బెంచ్_భీమవరం:
నీ రూమ్మేట్ చెప్పింది కరెక్టే తమ్ముడూ. కటాఫ్ మీన్ మీదే కదా కట్టేది. మీన్ దిగితే కటాఫ్ కూడా దిగుతుంది. మా బ్యాచ్‌లో ఎవడైనా పరీక్ష ఎగ్గొడితే లోలోపల సంబరపడేవాళ్లం. ఇక లెక్కంటావా, 65కి 18 కలిపితే 83. అందులో నీ 47 తీసేస్తే 36. 40కి 36 అంటే 100కి 90. సున్నాలు కలిస్తే అది ఇంకా తగ్గుతుంది, హాయిగా చదువుకో.

స్టాట్_మేడం:
90 దాకా లెక్క బాగానే ఉంది. సున్నాలు కలిస్తే తగ్గుతుందన్న మాట మాత్రం ఎస్ విషయంలో పూర్తిగా తిరగబడుతుంది. పోయినేటి అంకెలతోనే చేసి చూద్దాం.

పరీక్ష రాసిన 57 మంది మీన్ 65, ఎస్‌డీ 12 అనుకోండి. ముగ్గురి సున్నాలు కలిపి 60తో భాగిస్తే మీన్ 61.75కి దిగుతుంది, అంటే మూడు మార్కుల పైచిలుకు. ఇంతవరకు మీ రూమ్మేట్ లెక్క సరే. కానీ ఎస్‌డీలో తేడాలను వర్గం చేసి కూడతాం. సున్నా వచ్చినవాడు మీన్‌కి 61.75 దూరంలో ఉన్నాడు. దాన్ని వర్గం చేస్తే 3813. అలాంటివాళ్లు ముగ్గురు. ఎస్‌డీ వర్గాన్నే వేరియన్స్ అంటాం, క్లాసు మొత్తం వేరియన్స్‌లో సగానికి పైగా ఆ ముగ్గురిదే అవుతుంది. ఎస్‌డీ 12 నుంచి 18.4కి ఉబ్బిపోతుంది.

ఇప్పుడు ఎస్ కటాఫ్ చూడండి. 61.75కి ఒకటిన్నర ఎస్‌డీ, అంటే 27.6 కలిపితే 89.3. ముందు 83 ఉన్నది ఆరు మార్కులు పైకి పోయింది. మీ 47కి సెమ్ పేపర్లో నూటికి నూరు, అంటే 40కి 40 వచ్చినా మొత్తం 87. పరీక్షకి రాని ముగ్గురి వల్ల ఎస్ మీకు అందకుండా పోతుంది.

ఏ గ్రేడ్ దగ్గర అంత కదలిక లేదు. ముందు 65కి 6 కలిపి 71, ఇప్పుడు 61.75కి 9.2 కలిపి దాదాపు 71. మీన్ ఎంత దిగిందో ఎస్‌డీలో సగం ఇంచుమించు అంతే పెరిగింది కాబట్టి రెండూ సరిపోయాయి. ఏ కావాలంటే ఎలా చూసినా మీకు పేపర్లో 60 చాలు.

బ్యాక్‌బెంచ్_భీమవరం:
మేడం, మీరు చెప్పాక నేనూ ఫోన్‌లో వేసి చూశాను, 89.3 వస్తోంది. సరే, సున్నాల సంగతి ఒప్పుకున్నా. కానీ ఆ 12 అనేది ఎలా వచ్చింది? తమ్ముడి క్లాసులో ఇంటర్నల్స్ ఎస్‌డీ 7 అనీ, పేపర్ 40కి తగ్గించాక ఎస్‌డీ ఇంకో 7 అనీ అనుకుంటే టోటల్‌కి 14 కావాలి కదా. అప్పుడు ఎస్ 86, పేపర్లో 97.5 రావాలి.

స్టాట్_మేడం:
మీన్‌లు కూడితే టోటల్ మీన్ వస్తుంది. ఎస్‌డీలు అలా కూడవు. 7కి 7 కలిపి 14 రావాలంటే ఇంటర్నల్స్‌లో మీన్‌కి ఎవరెంత పైనో కిందో ఉన్నారో, పేపర్లోనూ అచ్చం అంతే ఉండాలి. అలా ఎక్కడా జరగదు. మిడ్స్‌లో వెనకబడ్డవాడు సెమ్‌కి కూర్చుని చదువుతాడు, మిడ్స్‌లో బాగా రాసినవాడు సెమ్‌లో ఒక యూనిట్ వదిలేస్తాడు. ఇలాంటివాళ్ల టోటల్ మధ్యకి జరుగుతుంది, దాంతో ఎస్‌డీ తగ్గుతుంది. రెంటికీ అసలు సంబంధమే లేకపోతే 7, 7 కలిసి 9.9 అవుతుంది. 9.9కీ 14కీ మధ్య ఎక్కడో నిజం ఉంటుంది. సంబంధం సగం సగంగా ఉంటే ఇంచుమించు 12. పోయినేటి షీట్ దొరికితే ఇవేవీ ఊహించే పని లేదు, టోటల్ కాలమ్ ఎస్‌డీ నేరుగా తీసుకోండి.

దీనివల్ల తేలేదొకటుంది. సున్నాలు లేవనుకున్నా, ఎస్‌డీ 9.9 అయితే ఎస్‌కి పేపర్లో దాదాపు 82 చాలు, 14 అయితే 97.5 కావాలి. ఏ కి మాత్రం అదే తేడాలో 57 నుంచి 62.5 వరకే. మీన్‌కి దగ్గరగా ఉన్న గ్రేడుకి ముందే లెక్క కట్టొచ్చు. ఎస్‌కి ఇన్ని మార్కులని పరీక్షకి ముందు ఖాయంగా చెప్పేవాళ్లని నమ్మొద్దు.

ఎంసెట్_నాన్న:
నమస్కారం. మా అమ్మాయి ఎంసెట్ రాసింది. తనకి ఉదయం సెషన్ పడింది, పేపర్ కష్టంగా వచ్చిందట. నార్మలైజేషన్‌లో కూడా ఇదే మీన్, ఎస్‌డీ లెక్క వాడతారా? సెంటర్‌కి రానివాళ్ల సున్నాలు కలిసి మా అమ్మాయి మార్కులు తగ్గుతాయా?

స్టాట్_మేడం:
అది వేరే పద్ధతి సార్, కంగారు పడకండి. అక్కడా ప్రతి సెషన్‌కి సగటు, ఎస్‌డీ కలిపిన మొత్తం తీసుకుంటారు. దానికి తోడు పై 0.1 శాతం మంది సగటు కూడా తీసుకుని, ఆ రెండు అంకెలనీ అన్ని సెషన్లకూ కలిపి లెక్కేసిన అంకెలతో సరిపెడతారు. ఒక సెషన్ మార్కుని ఇంకో సెషన్‌తో పోల్చడానికే అది, గ్రేడు కటాఫ్ కట్టడానికి కాదు. ఇక్కడి లెక్క మీ అమ్మాయికి వర్తించదు.

కడప_బీగ్రేడ్:
అందరూ ఎస్ గురించే మాట్లాడుతున్నారు. పోయినేడు మా క్లాసులో ఇలాగే ముగ్గురి సున్నాలు కలిపారు. నాకు 55 వచ్చింది, బీ ఇచ్చారు. మేడం అంకెలతో చూస్తే సున్నాలు లేకపోతే బీ 59 దగ్గర మొదలవుతుంది, కలిస్తే 52.6 దగ్గరే. అంటే 53 నుంచి 58 మధ్య ఉన్నవాళ్లందరికీ ఆ సున్నాల వల్లే బీ వచ్చింది. టాపర్లు నలుగురు ఎస్ పోయిందని గోల పెడితే సున్నాలు తీసేయాలా? మాలాంటి వాళ్లు క్లాసులో టాపర్లకంటే ఎక్కువమందే ఉంటాం. నా ఓటు సున్నాలు ఉంచడానికే.

మెక్_సెకండియర్:
అన్నా, నీకు బీ వచ్చింది నువ్వు బాగా రాసినందుకు కాదు, ఆ ముగ్గురూ రాయనందుకు. నాకు ఎస్ పోయేదీ అందుకే. ఇద్దరి గ్రేడూ మన చేతుల్లో లేకుండా పోయింది కదా.

కడప_బీగ్రేడ్:
రిలేటివ్ గ్రేడింగ్ అంటేనే పక్కవాడిని బట్టి మన గ్రేడు తమ్ముడూ. పక్కవాడు బాగా రాసి నన్ను కిందకి నెడితే అది న్యాయం, వాడు రాకపోవడంతో నేను పైకొస్తే మాత్రం అన్యాయమా?

స్టాట్_మేడం:
మీ ప్రశ్న తీసిపారేసేది కాదు. నా అభిప్రాయం ఇది. తక్కువ రాసినవాడు క్లాసు గురించి ఏదో చెబుతున్నాడు. అసలు రాయనివాడి సున్నా క్లాసు గురించి ఏమీ చెప్పదు, అటెండెన్స్ గురించి చెబుతుంది. పేపర్ మార్కులని పేపర్ మార్కులతోనే కొలవాలి. అందుకే రానివాళ్లని తీసేశాకే మీన్, ఎస్‌డీ కట్టాలంటాను. దానివల్ల 55కి సీ వస్తుందని నాకు తెలుసు. మీ మొహం మీద ఆ మాట చెప్పడం తేలిక కాదు, కానీ అంటాను.

ఎగ్జామ్‌సెల్_స్టాఫ్:
మీరంతా న్యాయం గురించి వాదిస్తున్నారు. షీట్‌లో ఏం జరుగుతుందో రోజూ చూసేవాణ్ని నేను. చాలాచోట్ల దీన్నెవరూ నిర్ణయించరు, టైపు చేసినవాడు ఏం కొట్టాడన్నదే నిర్ణయం. కటాఫ్ సెల్‌లో ఫార్ములా ఇదీ:

```
=AVERAGE(F2:F61)+1.5*STDEV.P(F2:F61)
```

రానివాడి గడిలో `AB` అని కొడితే ఎక్సెల్ దాన్ని మీన్‌లోనూ లెక్కపెట్టదు, ఎస్‌డీలోనూ లెక్కపెట్టదు. ఖాళీగా వదిలినా అంతే. `0` కొడితే రెండింట్లోనూ కలిపేస్తుంది. టోటల్ కాలమ్ ఇంటర్నల్స్, పేపర్ కూడే ఫార్ములాతో ఉంటే ఇంకో మెలిక ఉంది. రెండు గడులూ ఖాళీగా ఉన్నా `SUM` సున్నానే ఇస్తుంది, ఆ సున్నా లెక్కలోకి వచ్చేస్తుంది. పేరుకి ఖాళీ వదిలామనుకుంటారు, కటాఫ్ మాత్రం ఆరు మార్కులు ఎగిరి కూర్చుంటుంది. గుర్తుపట్టడం తేలికే. `=COUNT(F2:F61)` కొట్టి చూడండి. పరీక్ష రాసినవాళ్లు 57 అయితే 57 రావాలి, 60 వచ్చిందంటే సున్నాలు దూరాయి.

ఫార్మసీ_ల్యాబ్:
మాకు ల్యాబ్‌కీ ఇదే పద్ధతి పెట్టారు. మీన్ 88, ఎస్‌డీ 9. ఎస్‌కి 101.5 రావాలని బోర్డు మీద పెట్టారు! అందరం బాగా చేశాం, రికార్డులు పూర్తి చేశాం, వైవాలో చెప్పాం, ఒక్కరికీ ఎస్ లేదు. 100కి 100 తెచ్చుకున్న అమ్మాయికి కూడా ఏ. డీన్‌కి అర్జీ ఇచ్చాం, ఇంకా జవాబు లేదు. సున్నాల గొడవ కాదు మాది, ఇదేం లెక్క అని.

స్టాట్_మేడం:
మార్కులు పైకప్పుకి అతుక్కుపోయినప్పుడు ఇలాగే అవుతుంది అమ్మా. పైన 12 మార్కుల జాగా ఉంది, ఒకటిన్నర ఎస్‌డీకి 13.5 కావాలి. ఎక్కువమంది 90ల్లో ఉండి, ఇద్దరు ముగ్గురు 60ల్లో ఉంటే ఎస్‌డీని ఆ కిందివాళ్లే పెంచుతారు. ల్యాబ్‌కి ఈ పద్ధతి పనికిరాదు, 90 దాటితే ఎస్ అని నేరుగా పెట్టాలి. మీన్‌కి ఒకటిన్నర ఎస్‌డీ కలిపితే 100 దాటుతోందన్న ఒక్క లైను అర్జీలో పైన రాయండి, మిగతాదంతా తర్వాత.

బ్యాక్‌బెంచ్_భీమవరం:
మేడం, ఒక్క అనుమానం. రానివాడిని తీసేయాలన్నారు, సరే. మా క్లాసులో ఒకడు వచ్చి, అరగంట కూర్చుని, ఇంటర్నల్స్ కలిపినా టోటల్ నాలుగే వచ్చేలా రాసి లేచిపోయాడు. వాడి 4, ఆ సున్నాకి ఎంత దూరం? ఎస్‌డీని ఇంచుమించు అంతే ఉబ్బిస్తుంది. వాడినీ తీసేస్తారా?

స్టాట్_మేడం:
పాస్ మార్కు దాటనివాళ్లని ముందే పక్కన పెట్టి, మిగిలినవాళ్లతోనే మీన్, ఎస్‌డీ కట్టే చోట్లు ఉన్నాయి. నాకది పూర్తిగా నచ్చదు. వాడు రాశాడు, క్లాసులో ఒకడు. మొత్తం 48 వచ్చినవాడిని తీసేసి 51 వచ్చినవాడిని ఉంచితే ఆ గీత దగ్గర ఉన్నవాళ్లకి ఇంకో అన్యాయం మొదలవుతుంది. ఆ 4 గురించి నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు.

కడప_బీగ్రేడ్:
చూశారా. నాలుగు ఉంచితే సున్నా కూడా ఉంచాలి.

మెక్_సెకండియర్:
రేపు డిపార్ట్‌మెంట్ ఆఫీసులో మా ముగ్గురి గడుల్లో `AB` కొడతారా, `0` కొడతారా అని అడుగుతాను, దాన్నిబట్టి మా `COUNT` ఎంత వస్తుందో తెలుస్తుంది. 57 అని తేలితే 90కి చదువుతా. 60 అయితే థర్మోలో 60 దాటేలా చూసుకుని, మిగతా టైమ్ ఫ్లూయిడ్స్‌కి పెడతాను, అందులో ఎవరూ డిటైన్ కాలేదు.