అప్‌డేట్: నలుగురిలో బట్టలు లేకుండా నిలబడే కల

అప్పుడు నేను అడిగింది: "మీటింగ్‌లో మాట్లాడుతుండగా ఒంటి మీద బట్టలు లేవని తెలుస్తుంది. మళ్లీ మళ్లీ ఇదే కల. నాలో ఏదైనా లోపం ఉందా?"

"కలలో మిగతావాళ్లు ఏం చేస్తున్నారో గమనించండి" అని ఒకరు చెప్పారు. ఆ మాటే పనికొచ్చింది. ఆరు వారాల పాటు లేవగానే, ఫోన్ ముట్టుకోకముందే కల రాసి, కింద ముందురోజు సంగతులు రాశాను. ఈ కల ఏడుసార్లు వచ్చింది. ఒక్కసారి కూడా ఎవరూ నన్ను చూడలేదు, నవ్వలేదు. సిగ్గుపడింది నేనొక్కదాన్నే. కలలకు అర్థాలు వెతికిన మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ 1900లోనే ఈ విషయం రాశాడట. ఆయన ఈ కలను బట్టల్లేకుండా తిరిగిన చిన్నతనానికి ముడిపెట్టాడు. నాకైతే అది అతకలేదు.

ఏడింటిలో ఐదు, నెలవారీ రిపోర్టు చూపించే రోజు దగ్గరపడిన రాత్రుల్లో వచ్చినవే. ఆ రిపోర్టులోని ఫార్ములాలు పాత ఉద్యోగి ఫైలు నుంచి తెచ్చుకున్నవి. అవి ఎలా పనిచేస్తాయో నాకు తెలియదు, తెలిసినట్టే నటించాను. ఎవరైనా ఒక్క ప్రశ్న వేస్తే దొరికిపోతానన్న టెన్షన్ ఎప్పుడూ ఉండేది. అంటే నా భయం ఒంటి గురించి కాదు, దాచింది బయటపడటం గురించి. మిగతా రెండు కలలకు కారణం దొరకలేదు. బలవంతంగా అర్థం అంటగట్టలేదు.

చివరికి మేనేజర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు వణికింది. ఆయన గంటసేపు కూర్చుని నేర్పించారు. ఆ తర్వాత కల ఒక్కసారే వచ్చింది. ఈసారి కుర్చీ మీదున్న శాలువా కప్పుకుని, మాట్లాడటం ఆపకుండా పూర్తి చేశాను.